మాటకింత లెక్కన: మాంబళం మిద్దె మీద వాటాకు 20 మాటల ప్రకటన

మా ఇంటి పాత కాగితాల్లో 1979 నాటి జమాఖర్చుల పుస్తకం ఒకటుంది. అందులో పాల లెక్కకీ కిరాణా లెక్కకీ మధ్య ఒక పేజీలో మా తాత ఇల్లు అద్దెకిస్తామని పేపర్లో వేయించడానికి రాసుకున్న చిత్తుప్రతులున్నాయి. ఒకదాని కింద ఒకటి, కొట్టివేతలతో ఉన్నాయి. ప్రతిదాని పక్కనా మాటల లెక్క వేసి ఉంది. మొదటిదాని పక్కన 46, చివరిదాని పక్కన 20. మధ్యలో పోయిన 26 మాటలు ఏవి, ఎందుకు పోయాయి, మిగిలిన 20 ఎందుకు మిగిలాయి అని చూస్తే, ఆ రోజుల్లో మద్రాసులో అద్దె ఇల్లు అంటే ఏమిటో బాగా అర్థమవుతుంది. మన కుటుంబాల్లో చాలామంది ఇలాంటి ప్రకటన చూసే ఈ ఊళ్ళో మొదటి ఇల్లు వెతుక్కున్నారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

చివరికి అచ్చయిన ప్రకటన ఇంగ్లీషులోదే. లిపి మార్చి ఇక్కడ పెడుతున్నాం. ఇంటి నంబరు, వీధి పేరు మాత్రం తీసేశాం.

"వెస్ట్ మాంబళం: అప్‌స్టెయిర్స్, త్రీ రూమ్స్, కిచెన్, సెపరేట్ బాత్‌రూమ్, మీటర్, వెల్, కార్పొరేషన్ వాటర్. స్మాల్ ఫ్యామిలీ. బ్రోకర్స్ ఎక్స్‌క్యూజ్. మార్నింగ్స్. ఫలానా నంబరు, ఫలానా స్ట్రీట్."

తెలుగువాళ్ళ ఇంటికి ఇంగ్లీషులో ప్రకటన ఎందుకని మీరు అడగవచ్చు. ఒకప్పుడైతే తెలుగులోనే వేసుకోగలిగేవాళ్ళం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి నుంచి మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. ఆంధ్రప్రభ 1938లో ఇక్కడే పుట్టింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక ఆఫీసులు కర్నూలుకి వెళ్ళాయి, ఆ తరువాత ఈ రెండు పేపర్లూ బెజవాడకు తరలిపోయాయి. మిగిలిన తెలుగు ఇళ్ళకి మద్రాసులో ఇల్లు అద్దెకివ్వాలన్నా, తీసుకోవాలన్నా ఇంగ్లీషు పేపరో తమిళ పేపరో దిక్కయింది. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఎక్కువగా 'హిందూ' చూసేవాళ్ళు. 1958 వరకూ ఆ పేపరు మొదటి పేజీ నిండా ప్రకటనలే ఉండేవి, వార్తలు లోపలి పేజీల్లో ఉండేవి. అందుకే మన పెద్దవాళ్ళలో కొందరికి పేపరు చేతికి రాగానే ముందు ప్రకటనలు చూసే అలవాటు చాలాకాలం పోలేదు.

ఇక మా తాత మొదటి చిత్తు చూడండి. ఇదీ ఇంగ్లీషులోనే ఉంది, భావం మాత్రం తెలుగులో చెబుతాం. వెస్ట్ మాంబళంలో రైల్వే స్టేషనుకు దగ్గర, మిద్దె మీద ఒక వాటా అద్దెకు ఇవ్వబడును. రెండు గదులు, హాలు, వంటిల్లు, విడిగా స్నానాల గది, విడిగా కరెంటు మీటరు. బావి నీళ్ళు, కార్పొరేషన్ నీళ్ళు కలవు. చిన్న కుటుంబానికి మాత్రమే. బ్రోకర్లు రానవసరం లేదు. ఉదయం పది గంటల లోపు స్వయంగా వచ్చి ఫలానా నంబరు, ఫలానా వీధి, మద్రాసు 33లో కనుక్కోవచ్చు. ఇది ఇంగ్లీషులో 46 మాటలు.

ఆ రోజుల్లో ఇలాంటి చిన్న ప్రకటనలకి మాటకింత అని పుచ్చుకునేవాళ్ళు. పేపరు ఆఫీసుకే పోనక్కర్లేదు, పేటలోనే ఏజెంటు ఉండేవాడు. అతను పెన్నుతో ఒక్కో మాటనీ తాకుతూ లెక్కపెట్టి మొత్తం చెప్పేవాడు. టెలిగ్రాం ఇచ్చినప్పుడు పోస్టాఫీసులో జరిగేదీ ఇంతే. కాబట్టి మన పెద్దవాళ్ళకి మాటలు కోయడం కొత్త విద్యేం కాదు. 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని నాలుగు మాటల్లో ఊరి నుంచి మనుషుల్ని రప్పించిన తరం అది. మాటకు ఒక రూపాయి అనుకుంటే 46 రూపాయలు. ఒక్క ఆదివారానికి అంత. ఇల్లు కుదరకపోతే మళ్ళీ వచ్చే ఆదివారం మళ్ళీ అంత. మా వాటాకు నెలకి అద్దె 250 రూపాయలు. అలాంటప్పుడు రెండు వారాల ప్రకటనకే అద్దెలో మూడో వంతుకు పైగా పోతుంది. తాత 20 మాటలు హద్దుగా పెట్టుకున్నాడు.

ముందుగా పోయినవి 'టు లెట్' అనే రెండు మాటలు. ఆ వరసకంతటికీ పైన 'టు లెట్' అని పేపరువాళ్ళే పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాని కింద ఉన్నవన్నీ అద్దె ఇళ్ళే. మళ్ళీ మనం డబ్బిచ్చి చెప్పక్కర్లేదు. తరువాత ఇన్, అండ్, ఫర్, ఎట్, ద లాంటి చిన్న మాటలు ఏడు పోయాయి. తెలుగులో అయితే ఈ పని విభక్తులు చేస్తాయి, మాటకు అంటుకునే ఉంటాయి కాబట్టి విడిగా ఖర్చుండదు. ఇంగ్లీషులో వాటిని విడిగా రాయాలి, విడిగా డబ్బు కట్టాలి. ఇప్పటికి 37 అయ్యాయి.

తరువాత చిరునామా. 'వెస్ట్ మాంబళం' అన్నాక మళ్ళీ 'మద్రాస్ 33' ఎందుకు? మన పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాం. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకు ముందు మద్రాసులో పేటకో చిన్న నంబరు ఉండేది. మైలాపూరు 4, తిరువల్లిక్కేణి 5, త్యాగరాయనగరు 17, కోడంబాక్కం 24, పశ్చిమ మాంబళం 33. ఆ నంబర్లే తరువాత పిన్‌కోడ్‌లో చివరి అంకెలయ్యాయి. 600017లో 17 అదే. పిన్‌కోడ్ వచ్చాక కూడా చాలా ఏళ్ళు మనవాళ్ళు కార్డు మీద 'మద్రాస్-17' అనే రాసేవాళ్ళు. ఆ ఒక్క అంకెతో పేట తెలిసిపోయేది. పేట పేరు గానీ నంబరు గానీ, రెంటిలో ఒకటి చాలు. ప్రకటనలు పేట పేరును బట్టి అక్షరక్రమంలో వేస్తారు కాబట్టి, వెతికేవాళ్ళ కన్ను ముందు పేరు మీదే పడుతుంది. అందుకని పేరు ఉంచి నంబరు తీసేశాడు. 35.

'నియర్ రైల్వే స్టేషన్' మూడు మాటలు. ఇది తీయడానికి తాత వెనకాడినట్టుంది, ఒకసారి కొట్టేసి మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాడు. బీచి నుంచి తాంబరానికి పోయే కరెంటు రైలు మాంబళంలో ఆగుతుంది. ఆఫీసుకి పోయేవాళ్ళకి అంతకన్నా పెద్ద సౌకర్యం లేదు. కానీ ఆ వీధి పేరు తెలిసినవాడికి స్టేషను ఎంత దూరమో కూడా తెలుస్తుంది, తెలియనివాడు ఎలాగూ స్టేషనులో దిగే అడుగుతూ వస్తాడు. 32.

'ఉదయం పది గంటల లోపు స్వయంగా వచ్చి కనుక్కోండి' అన్నదాంట్లో చిన్న మాటలు కొన్ని ముందే పోయాయి. ఇంకా ఆరు మిగిలాయి. ఆ ఆరింటికీ బదులు 'మార్నింగ్స్' అని ఒక్కటే. 27. 'బ్రోకర్స్ నీడ్ నాట్ అప్లై' నాలుగు, 'బ్రోకర్స్ ఎక్స్‌క్యూజ్' రెండు. 25. 'స్మాల్ ఫ్యామిలీ ఓన్లీ'లో ఓన్లీ అక్కర్లేదు. 24. 'సెపరేట్' రెండుసార్లు ఉంది, ఒకటి చాలు, మీటరు అంటే కరెంటుదేనని అందరికీ తెలుసు. 22. 'అప్‌స్టెయిర్స్' అన్నాక 'పోర్షన్' అనక్కర్లేదు, మొత్తం ఇల్లయితే మిద్దె మీద ఒక్కటే ఎందుకుంటుంది. 21. 'రెండు గదులు, హాలు' అనేదాన్ని 'మూడు గదులు' చేశాడు. 20.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మాటకింత అన్నప్పుడు పొట్టి అక్షరాలతో లాభం లేదు. 'వెస్ట్' అని పూర్తిగా రాసినా, 'డబ్ల్యు' అని ఒక్క అక్షరం వేసినా ఒక మాట ఖరీదే. అందుకే ఆ ప్రకటనలో ఉన్న మాటలన్నీ నిండుగా ఉన్నాయి, మాటల మధ్య అతుకులే లేవు. తరువాత కొన్ని పేపర్లు వరసకింత అని పుచ్చుకునే పద్ధతి పెట్టాయి. అప్పుడు లెక్క తిరగబడింది. వరసలో ఎన్ని అక్షరాలు పడితే అన్ని. దాంతో నియర్ పోయి 'ఎన్ఆర్', ఫ్లోర్ పోయి 'ఎఫ్ఎల్ఆర్' వచ్చాయి. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు కలిసి 'టూ బీహెచ్‌కే' అయిపోయాయి. పాత ప్రకటన ఏదైనా మీ ఇంట్లో దొరికితే చూడండి. నిండు మాటలు ఉండి అతుకులు లేకపోతే అది మాట లెక్క. అతుకులు ఉన్నా అక్షరాలు తెగిపోయి ఉంటే అది వరస లెక్క.

ఇప్పుడు మిగిలిన మాటల సంగతి. 20లో మూడు మాటలు నీళ్ళకే ఖర్చుపెట్టాడు. స్టేషను పోయింది, హాలు పోయింది, నీళ్ళు మాత్రం పోలేదు. మద్రాసులో కాపురం చేసినవాళ్ళకి దీనికి వివరణ అక్కర్లేదు. ఈ ఊరికి చెప్పుకోదగ్గ నది లేదు. పూండి, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నిండితే తాగాలి, లేకపోతే లేదు. అవి నిండేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలతో. ఆ మూడు నెలలు ఎండిపోతే మరుసటి ఏడాదంతా కుళాయి దగ్గర బిందెల వరసే. 'కార్పొరేషన్ వాటర్' అంటే తాగడానికి పనికొచ్చే నీళ్ళు ఇంటి దాకా వస్తాయని అర్థం. అవి రోజంతా వస్తాయని కాదు. 'వెల్' అంటే అవి రానప్పుడు వాడుకకి దిక్కుందని అర్థం. రెండూ ఉన్న ఇల్లు, ఒకటే ఉన్న ఇల్లు ఒకటి కావు. వాటర్ అనే మాట తీసేసి 'వెల్, కార్పొరేషన్' అంటే సరిపోతుందేమో అని కూడా చూశాడు గానీ, కార్పొరేషన్ అంటే ఏమిటో చదివేవాడికి తికమక అవుతుందని ఉంచేశాడు.

నీళ్ళ శాఖకు 1978లోనే విడిగా ఒక బోర్డు ఏర్పడింది, దానికి మెట్రోవాటర్ అని పేరు. మా తాత ఆ మరుసటి ఏడాది కూడా కార్పొరేషన్ అనే రాశాడు, జనం నోట్లో ఉన్న మాట అదే. తరువాతి ప్రకటనల్లో 'మెట్రో వాటర్' వచ్చింది, బావులు పూడ్చి బోర్లు వేశాక 'వెల్' పోయి 'బోర్' వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు గారు, ఎం.జి. రామచంద్రన్ గారు ముఖ్యమంత్రులుగా ఉండగా తెలుగుగంగ మొదలైంది. 1996లో కృష్ణ నీళ్ళు పూండి చెరువుకి చేరాయి. మన ఊరి నీళ్ళు మన ఇంటి కుళాయిలో అని ఇక్కడి తెలుగువాళ్ళం అప్పుడు ఎంత సంతోషపడ్డామో గుర్తున్నవాళ్ళకి గుర్తుంటుంది. అయినా 2019 వేసవిలో చెరువులన్నీ ఎండిపోయాయి. ఇప్పటికీ చెన్నై ప్రకటనల్లో గదుల తరువాత కనిపించే మాట నీళ్ళే.

'స్మాల్ ఫ్యామిలీ' కూడా నీళ్ళ మాటే అని మా అవ్వ అనేది. వాటాల ఇంట్లో బావి అందరిదీ. కింద మేము ఏడుగురం, పైన నలుగురైతే పదకొండు మంది. పైన ఎనిమిది మంది అయితే బావి ఏప్రిల్ కల్లా అడుగంటుతుంది. నలుగురని చెప్పి చేరినా, తెలుగు ఇళ్ళకి నలుగురు ఎప్పుడూ నలుగురే కారు. నెల్లూరు నుంచి ఆస్పత్రికని ఒకరు, కాలేజీ సీటుకని ఒకరు, తిరుపతి పోతూ దారిలో అని ఇంకొకరు దిగుతారు. మా ఇల్లు కూడా అలాంటిదే. కాబట్టి ఆ మాటకి అర్థం 'మీ ఇంట్లో మనుషులు తక్కువ ఉండాలి' అని మాత్రమే కాదు, 'మీకు చుట్టాలు కూడా తక్కువ ఉండాలి' అని. దాన్ని ఎవరూ పైకి అనరు.

'బ్రోకర్స్ ఎక్స్‌క్యూజ్' అన్నది మన దేశపు ప్రకటనల్లో పుట్టిన ఇంగ్లీషు. బ్రోకర్లు మన్నించాలి, మీతో పని లేదు అని. ఇల్లు కుదిర్చినందుకు బ్రోకరుకి ఒక నెల అద్దె ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. అతన్ని తప్పించడానికి రెండు మాటలు ఖర్చు పెట్టినా, తెల్లారేసరికి ఆ ప్రకటన ముందుగా చదివేది అతనే. ఇల్లు కావాల్సినవాడిలాగా వచ్చి చూసిపోతాడు. ఇంకో గంటకి అతని మనిషి ఒక కుటుంబాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. గుర్తుపట్టడం ఎలాగంటే, నిజంగా ఇల్లు కావాల్సినవాళ్ళు వంటింట్లోకి, బావి దగ్గరికి పోయి చూస్తారు, చాలాసార్లు ఆడవాళ్ళు కూడా వస్తారు. బ్రోకరు గుమ్మంలోనే నిలబడి అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అని అడుగుతాడు.

ఆ ప్రకటనలో అద్దె ఎంతో లేదు, అడ్వాన్సు ఎంతో లేదు. చూశారు కదా, వేసి ఉంటే ఒక్కోదానికి రెండేసి మాటలు పట్టేవి. కానీ కారణం ఖర్చు ఒక్కటే కాదు. అప్పుడు అమల్లో ఉన్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. దాని ప్రకారం ఇల్లు ఇచ్చేవాడు ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మద్రాసు వాడుక దానికి చాలా దూరం. చాలా నెలల అద్దె ముందే పుచ్చుకోవడం ఇక్కడ మామూలు, తరువాత తరువాత అది పది నెలల దాకా పోయింది. చట్టం ఒకటి, వాడుక ఒకటి అయినప్పుడు అంకెను అచ్చులో పెట్టి సంతకం లాగా వదిలిపెట్టడానికి ఎవరు ఇష్టపడతారు? ఆ అంకె నోటిమాటగానే ఉండేది. అద్దెకున్నవాళ్ళకి దీనివల్ల నష్టమే. ఇల్లు చూసి, నచ్చి, నలుగురితో చెప్పుకున్నాక అప్పుడు తెలిసేది అడ్వాన్సు మన చేతిలో ఉన్న డబ్బుకు మించిందని.

ఆ అడ్వాన్సు గురించి కోర్టుల్లో ఒక మంచి మాట వచ్చింది, అది కూడా చెప్పాలి. 1989లో మన గూడూరు మోడరన్ హోటల్ కేసులోను, 1996లో మద్రాసు నుంచి వెళ్ళిన ఒక కేసులోను సుప్రీంకోర్టు దాదాపు ఒకే మాట చెప్పింది. చట్టం అనుమతించిన దానికన్నా ఎక్కువ అడ్వాన్సు యజమాని దగ్గర ఉన్నప్పుడు, అద్దె బకాయిని అందులో సర్దుకోవాలి గానీ, అద్దె ఎగ్గొట్టాడని మనిషిని వెళ్ళగొట్టకూడదని. 1960 చట్టం బదులు ఇప్పుడు 2017లో చేసి 2019 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చిన చట్టం ఉంది. ఇందులో వేరే ఒప్పందం లేకపోతే ఇంటి అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. ఆ 'వేరే ఒప్పందం లేకపోతే' అన్న మాటను మరచిపోకుండా, అగ్రిమెంటులో ఏం రాసి ఉందో చదివి సంతకం పెట్టండి.

ఇంకో మాట బయటి ఊళ్ళ నుంచి వచ్చే మనవాళ్ళని బాగా తికమక పెడుతుంది. హైదరాబాదులో లీజు అంటే అద్దె ఒప్పందమే అనుకుంటారు. చెన్నై ప్రకటనలో 'లీజ్ 5 లక్షలు' అంటే అది మన భోగ్యం లాంటిది. ముందుగా పెద్ద మొత్తం ఇస్తాం, నెల అద్దె ఉండదు, గడువు అయ్యాక ఆ మొత్తం వడ్డీ లేకుండా తిరిగి వస్తుంది. అదే 'కంపెనీ లీజ్' అన్నారంటే మళ్ళీ వేరు. కంపెనీ పేరున ఒప్పందం రాసుకుని, అద్దె కంపెనీ కడుతుంది. ఒక్క మాట కలిస్తే అర్థం మొత్తం మారిపోతుంది. భోగ్యానికి ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సింది, గడువుకి ఆ డబ్బు తిరిగి ఇచ్చే స్తోమత యజమానికి ఉందా, ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందా అని. అప్పు తీరక ఇల్లు బ్యాంకు చేతికి పోతే ముందు ఇబ్బంది పడేది ఇంట్లో ఉన్నవాళ్ళే.

చివరిగా, రాయని 21వ మాట. పుస్తకంలో 20 మాటల చిత్తు పక్కన 'వెజిటేరియన్స్?' అని ప్రశ్న గుర్తుతో ఉంది, దాని మీద అడ్డగీత ఉంది. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏజెంటు లెక్కపెట్టి, "సార్, వెజిటేరియన్స్ అని వేయలేదే, వేస్తే మంచి కుటుంబాలు వస్తాయి" అన్నాడట. మాంబళంలో అది అందరూ వేసే మాటే. కొందరు ఇంకా సూటిగా ఫలానా కులం వాళ్ళకి మాత్రమే అని కూడా వేసేవాళ్ళు. తాత ఇంటికి వచ్చి అవ్వతో చెప్పాడు.

అవ్వకి ఆ మాట బాగా తెలుసు. 1950ల చివర్లో వాళ్ళు నెల్లూరు నుంచి వచ్చినప్పుడు ఇల్లు వెతికింది ఈ ప్రకటనలు పట్టుకునే. అప్పట్లో చాలా వాటిల్లో చిరునామా ఉండేది కాదు, బాక్స్ నంబరు ఉండేది. మనం ఉత్తరం రాసి ఆ నంబరు వేసి పేపరు ఆఫీసుకి పంపితే, వాళ్ళు అది ఇంటి యజమానికి అందజేస్తారు. యజమాని పేరు మనకి తెలియదు గానీ, మన పేరు, ఉద్యోగం, ఊరు, ఇంట్లో ఎందరు అన్నీ మన చేతిరాతతోనే ఆయనకి తెలుస్తాయి. వచ్చిన ఉత్తరాల్లో పేర్లు చూసి ఏరుకుని, నచ్చినవాళ్ళకే జవాబు రాస్తారు. తాత పద్నాలుగు ఉత్తరాలు రాస్తే జవాబు వచ్చింది మూడింటికి. అందులో ఒక ఇంటికి ఇద్దరూ వెళ్ళారు. గదులు చూపించారు, మంచినీళ్ళిచ్చారు. ఆ ఇంటావిడ అవ్వ వైపు తిరిగి "సైవమా?" అని అడిగింది. శాకాహారులేనా అని. అవ్వ అబద్ధం చెప్పలేదు. "చేపలు తింటాం" అంది. ఆవిడ కోప్పడలేదు, నవ్వుతూనే గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఆ నవ్వు గురించి అవ్వ చాలా ఏళ్ళ తరువాత కూడా చెప్పేది.

మన తెలుగువాళ్ళలోనే ఈ మాట అందరికీ ఒకేలా తగల్లేదు. కోమట్లు శాకాహారులే. మాకు తెలిసిన ఒక వైశ్య కుటుంబం 'వెజిటేరియన్స్' అని చూసి ధైర్యంగా వెళితే, "వెజిటేరియన్స్ అంటే మా ఉద్దేశం అది కాదు" అని తిప్పి పంపారు. అంటే ఆ మాట కొన్నిచోట్ల తిండిని గురించిన మాట కూడా కాదు. కులం పేరు అచ్చు వేయడానికి బిడియపడ్డవాళ్ళు దాని బదులు వాడుకున్న మాట. చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం కులమతాల పేరుతో అడ్డగించకూడదని చెప్పిన చోట్లలో అంగళ్ళు, హోటళ్ళు, బావులు, చెరువులు ఉన్నాయి. సొంత ఇంట్లో వాటా అద్దెకివ్వడం ఆ జాబితాలో లేదు.

అవ్వ చెప్పింది ఇంతే. "మన పొయ్యి మీద చేపల పులుసు కాగుతుంటే, మిద్దె మీదవాళ్ళు తినకూడదని డబ్బు కట్టి మరీ చెప్తామా?" తాత అడ్డగీత కొట్టాడు.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిది మంది వచ్చారు. ఇద్దరు బ్రోకర్లు. ఇద్దరికి మెట్లు ఎక్కువనిపించింది. ఒకాయన "చుట్టుపక్కల ఎవరైనా మాంసం వండుతారా" అని అడిగి, కింద మేమే వండుతామని తెలిసి వెళ్ళిపోయాడు. చివరికి చేరింది తిరుచ్చి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక తమిళ కుటుంబం, పక్కా శాకాహారులు. వాళ్ళావిడ మొదటి రోజే అవ్వతో, తనకి వాసన పడదు కాబట్టి చేపలు వండే రోజు ముందే చెబితే పెరటి వైపు కిటికీ వేసుకుంటానంది. అవ్వ ప్రతి ఆదివారం పొద్దునే మెట్ల దగ్గర నిలబడి చెప్పేది. పదకొండేళ్ళు అలా గడిచాయి. పొంగలికి పైనుంచి చక్కెర పొంగలి వచ్చేది, ఉగాదికి కింది నుంచి పచ్చడి వెళ్ళేది.

1990లో వాళ్ళు సొంత ఇంటికి మారాక మా ఇంట్లో మళ్ళీ ప్రకటన రాశారు. అప్పటికి మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఫోన్ నంబరు ఎన్ని అంకెలైనా ఒక మాటే. దాంతో ఇంటి నంబరు, వీధి పేరు, మార్నింగ్స్ అన్నీ పోయి ఒక్క నంబరు మిగిలింది. నాలుగు మాటలు పోయి ఒకటి వచ్చింది, మూడు మిగులు. ఆ మూడు మాటలతో 1979లో కొట్టేసిన 'నియర్ రైల్వే స్టేషన్' మళ్ళీ వేయించారు.

ఇప్పుడు ఫోన్లో, ఇంటర్నెట్లో ప్రకటన ఎంత పొడుగు రాసినా ఖర్చు లేదు. పది ఫొటోలు పెట్టవచ్చు, అద్దె, అడ్వాన్సు, లిఫ్టు, కారు నిలిపే చోటు అన్నీ రాయవచ్చు. అయినా 'బ్రోకర్స్ ఎక్స్‌క్యూజ్', 'స్మాల్ ఫ్యామిలీ', 'వెజ్ ఓన్లీ' అలాగే ఉన్నాయి, బ్యాచిలర్లు వద్దని ఇంకొకటి పక్కన చేరింది. మా మిద్దె మీది వాటా పోయిన ఏడాది మళ్ళీ ఖాళీ అయినప్పుడు, ఇంట్లో చిన్నవాళ్ళు ఆ ప్రకటన రాసే ఫారం నింపారు. అందులో 'ఎవరికి ఇస్తారు' అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలి, నీళ్ళ గడిలో మాత్రం 'మెట్రో వాటర్, బోర్, పాత బావి కూడా ఉంది' అని రాశారు.